రాత్రి బస్సుకు నక్షత్రాలు వేసేవారితో నా తగవు

రాత్రి బస్సు దిగి ఇల్లు చేరీ చేరకముందే సెల్‌ఫోనులో ఒక ప్రశ్న ప్రత్యక్షమవుతుంది. ప్రయాణం ఎట్లున్నది? దాని క్రింద ఐదు నక్షత్రాలు. నిద్ర చాలక కండ్లు మండుతున్నవాడు ఒకటి నొక్కుతాడు. కునుకు పట్టినవాడు ఐదు నొక్కుతాడు. మొదటివాడు క్రింద "పరమ చెత్త సర్వీసు" అని వ్రాస్తాడు, రెండవవాడు "సూపర్, డ్రైవరన్నకు జోహార్లు" అని వ్రాస్తాడు. ఈ రెండూ సమీక్షలు కావని నా వాదం. ఒకటి తిట్టు, రెండవది దీవెన. తెల్లవారి టికెట్టు కొనబోయే మూడవవానికి ఈ రెండింటివల్లా ఒరిగేది ఏమీ లేదు.

సమీక్ష అనే మాటలో 'సమ్' ఉన్నది, 'ఈక్ష' ఉన్నది. చక్కగా చూడడమని అర్థం. చూడనిదే వ్రాసేదానికి ఆ పేరు పెట్టడం ఆ మాటకు చేసే అపచారం. వృత్తిరీత్యా నలభై ఏండ్లు మాటలతో కాపురం చేసినవాణ్ణి గనుక ఈ చాదస్తాన్ని చదువరులు మన్నింతురుగాక.

మా వీధిలో ఒక విశ్రాంత ఉద్యోగి ఉన్నారు. హైదరాబాదులోని కూతురికి ఆవకాయ గాజుసీసాలో పోసి, గుడ్డ చుట్టి, సంచిలో పెట్టి, ఆ సంచిని బస్సు డిక్కీలో వేయించారు. సీసా పగిలింది. ఆయన ఒక్క నక్షత్రం వేసి, సామాను భద్రత శూన్యమని వ్రాశారు. "ఏమండీ, సీసా ఉన్నదని క్లీనరుకు చెప్పారా?" అని అడిగాను. "ఎందుకు చెప్పాలి మేష్టారూ? డబ్బిచ్చి ఎక్కాం కదా!" అన్నారు. ఆయన వాదాన్ని ఇక్కడ పూర్వపక్షంగా తీసికొంటున్నాను. ఎందుకంటే ఆయన ఒక్కరిదే కాదది. 'నా కోపం నిజమైనది, కనుక నా సమీక్ష నిజమైనది' అన్నది ఆ వాదం. దానికి ఎదురుగా మరొక వాదం ఉన్నది. 'పాపం, డ్రైవరూ క్లీనరూ బీదవాళ్ళు, వారి పొట్ట కొట్టడమెందుకు, ఐదు వేసేద్దాం' అన్నది అది. మొదటిది డబ్బు చూచి మాట్లాడుతుంది, రెండవది జాలి చూచి మాట్లాడుతుంది. బస్సును చూచి మాట్లాడేది ఏదీ లేదు.

ఎట్లు చూడాలో చెప్పడానికి గత మాసంలో మేము చేసిన ఒక ప్రయాణాన్ని ఉదాహరణగా తీసికొంటాను. కూకట్‌పల్లిలో ఎక్కి రాజమహేంద్రవరం మోరంపూడి కూడలిలో దిగాము. బస్సు అక్కడినుండి కాకినాడ వెళ్ళేది. సంస్థ పేరు ఇక్కడ చెప్పను. ఆ పేరు ఉండవలసిన చోట, అంటే టికెట్టు అమ్మిన చోట, నా సమీక్షతో పాటు ఉన్నది.

మొదట సమయపాలన. టికెట్టుమీద కూకట్‌పల్లి 9.30, ఎల్బీ నగర్ 11.00, మోరంపూడి ఉదయం 6.45 అని ఉన్నది. మేము దిగింది 7.30కి. "ముప్పావుగంట ఆలస్యం" అని వ్రాసి ఊరుకోవచ్చు. కాని ఆ ముప్పావుగంట ఎవరిది? నేను చేతి గడియారమూ చిన్న పుస్తకమూ దగ్గర పెట్టుకొని వ్రాసికొన్నాను. బస్సు కూకట్‌పల్లికి వచ్చింది 9.50కి. ఈ 20 నిమిషాలు ఎందుకు పోయినవో నాకు తెలియదు. మేము ఎక్కక ముందటి సంగతి అది. అయినా కదలలేదు. మియాపూరు అవతలినుండి ఇద్దరు ప్రయాణికులు ట్రావెల్స్ వారి సొంత పికప్ వ్యానులో వస్తున్నారట. వారికోసం 15 నిమిషాలు ఆగింది. 10.05కి బయలుదేరింది. లక్డీకాపూల్ వద్ద డిక్కీలో అట్టపెట్టెలు ఎక్కించడానికి 8 నిమిషాలు. దిల్‌సుఖ్‌నగర్ రద్దీలో మరొక 7. ఎల్బీ నగర్ విడిచేటప్పటికి 11.50, అంటే 50 నిమిషాల ఆలస్యం.

ఇప్పుడు పంపకం చేద్దాం. పికప్ వ్యాను వారిది, అట్టపెట్టెలు వారివి. ఆ 23 నిమిషాలు నిస్సందేహంగా సంస్థ ఖాతాలోనివి. మొదటి 20 తెలియనివిగానే వ్రాయాలి, ఊహించి ఎవరికీ అంటగట్టరాదు. ఇక ఆ రద్దీ 7 నిమిషాలు. ఇక్కడే చాలామంది దయతలచి, "ట్రాఫిక్ ఉంటే వాళ్ళేం చేస్తారు?" అంటారు. నేను ఒప్పుకోను. రాత్రివేళ దిల్‌సుఖ్‌నగర్‌లో బండ్లు క్రిక్కిరిసి ఉండడం ఆ సంస్థకు తెలియని వింతా? ప్రతిరాత్రీ ఆ దారినే పోయే బస్సుకు ఖాళీ రోడ్డును ఊహించి కాలపట్టిక వేస్తే ఆ తప్పు పట్టికది, రోడ్డుది కాదు. అదే చౌటుప్పల్ దగ్గర లారీ బోర్లాపడి దారి మూసుకుపోయి ఉంటే ఒక్క నిమిషం కూడా సంస్థమీద వేయను. ఈ రెండింటికీ తేడా తెలిసికొనడానికి ఒక ప్రశ్న చాలును: ఇది రోజూ జరిగేదా, ఈ రాత్రి మాత్రమే జరిగినదా? రోజూ జరిగేదైతే అది సంస్థ లెక్కలోకి రావలసిందే.

మరొక చిత్రం చూడండి. ఎల్బీ నగర్ దగ్గర 50 నిమిషాలు వెనుకబడిన బస్సు దారిలో ఒకచోట అదనంగా 10 నిమిషాలు ఆగి కూడా మోరంపూడికి 45 నిమిషాల ఆలస్యంతోనే చేరింది. అంటే రోడ్డుమీద 15 నిమిషాలు తిరిగి సంపాదించింది. నాలుగు వందల కిలోమీటర్ల పైచిలుకు దారిలో ఇది భయపడవలసినదేమీ కాదు. కాని "గంటన్నర లేటుగా బయలుదేరినా టైముకు దించాడు, డ్రైవరు సింహం" అన్న మెప్పుకోళ్ళు చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరిస్తుంది. ఆ గంటన్నర ఆకాశంనుండి ఊడిపడలేదు. వేగంలోనుండి వచ్చి ఉండాలి, లేదా డ్రైవరు తీసికొనవలసిన విశ్రాంతిలోనుండి వచ్చి ఉండాలి. దాన్ని సమయపాలన అని పొగిడేవాడు రేపటి బస్సు డ్రైవరును ఎటు తోస్తున్నాడో ఆలోచించడు. సమీక్షలో బయలుదేరిన వేళ, చేరిన వేళ రెండూ వ్రాయాలనడానికి ఇదే కారణం. చేరిన వేళ ఒక్కటే వ్రాస్తే ఈ సంగతి మరుగున పడుతుంది.

పడక సుఖం గురించి ఎక్కువ చెప్పను. చెప్పేదల్లా బెర్తు నంబరు లేని మెప్పూ తిట్టూ రెండూ పనికిరావన్నది. స్లీపరు బస్సులో ఒకవైపు జంట బెర్తులు, మరొకవైపు ఒంటి బెర్తులు, అవి క్రిందొక వరుస, పైనొక వరుస. మాది నడుమ, క్రింది జంట బెర్తు. గతుకు తెలియలేదు. వెనుక చక్రాలకు ఆవల, చిట్టచివర పై బెర్తులో పడుకొన్న కుర్రవాడు తెల్లవారేసరికి నడుము పట్టుకొని దిగాడు. ఇద్దరమూ ప్రయాణించింది ఒకే బస్సులో. వెనుక ఇరుసు దాటి వ్రేలాడే భాగం ప్రతి గతుకుకూ తూగుటుయ్యాల చివరలా ఎగురుతుంది. పై బెర్తు మలుపుల్లో ఎక్కువ ఊగుతుంది. ఇది బండి నిర్మాణంలోని ధర్మం, ఏ సంస్థ బస్సుకైనా తప్పదు. సంస్థను అడగవలసినవి వేరే ఉన్నాయి. దుప్పటి ఉతికినదా, ఏసీ గాలిని మూసుకొనే రెక్క పనిచేస్తున్నదా, పరదా పూర్తిగా మూసికొంటున్నదా, టికెట్టులో చూపిన బండే వచ్చిందా. మా బెర్తుపై గాలి రెక్క విరిగి ఉన్నది. మా శ్రీమతి రాత్రంతా కొంగు తలకు చుట్టుకొనే పడుకొన్నది. దుప్పటి మాత్రం శుభ్రంగా ఉన్నది. రెండూ వ్రాశాను. నా ఎత్తు ఐదడుగుల నాలుగంగుళాలని కూడా వ్రాశాను. నాకు సరిపోయిన బెర్తు ఆరడుగుల వానికి సరిపోతుందని నేనెట్లు సాక్ష్యమిస్తాను?

ఇక ఆగే చోటు. నా అభిప్రాయంలో రాత్రి బస్సు సమీక్షకు ప్రాణం ఇక్కడ ఉన్నది. జనం దీన్నిగురించి వ్రాసేది మాత్రం టీ చేదుగా ఉన్నదనీ, దోసె ఖరీదనీ. ఆ ధాబాను ఎంచుకొన్నది సంస్థ గనుక ధర వ్రాయడం తప్పు కాదు. కాని దానికంటె ముందు వ్రాయవలసినవి రెండున్నాయి.

మొదటిది, ఎక్కిన తరువాత ఎంతసేపటికి ఆపారన్నది. మా బస్సు సూర్యాపేట దగ్గర ధాబాలో ఆగింది 1.50కి. బస్సులో మరుగుదొడ్డి లేదు. ఎల్బీ నగర్‌లో ఎక్కినవారికి అది రెండు గంటల వ్యవధి. 10.05కి కూకట్‌పల్లిలో కదిలిన మాకు మూడుముప్పావు గంటలు. మధుమేహం ఉన్న పెద్దవారికీ, గర్భిణికీ ఈ రెండు అంకెల మధ్య తేడా ప్రయాణం చేయగలమా, లేమా అన్నంత తేడా. "రెస్ట్ స్టాప్ బాగుంది" అన్న రెండు ముక్కలలో ఇది ఎక్కడ ఉన్నది? పైగా పురుషుడు వ్రాసే సమీక్షలో ఆడవారి మరుగుదొడ్డి ఉండనే ఉండదు. చీకట్లో గోడవారకు పోయి వచ్చినవాడు "సౌకర్యాలు ఓకే" అని వ్రాస్తాడు. నేను మా శ్రీమతిని అడిగి వ్రాశాను. ఆడవారికి మూడు గదులు, ఒకదానికి గడియ లేదు, నీళ్ళు ఉన్నాయి, దీపం ఉన్నది, వరుసలో పదిమంది. ఇరవై నిమిషాలని చెప్పి ఆపిన బస్సు ముప్పై నిమిషాలు ఆగడానికి ఆ వరుసే కారణం. బస్సులోని మగవారు హారను కొట్టించమని క్లీనరును తొందరపెట్టారు. క్లీనరు కొట్టలేదు. "ఆడవాళ్ళు రావాలి కదండీ" అన్నాడు. అతని మాట కూడా సమీక్షలో చేర్చాను. సంస్థ చేసినదీ, సిబ్బంది చేసినదీ వేరువేరుగా వ్రాయాలనడానికి ఇంతకంటె మంచి సందర్భం దొరకదు.

రెండవది డ్రైవరు విశ్రాంతి. మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లో వచ్చి 2025 వరకు అమలులో ఉన్నది. ఐదు గంటలు పనిచేసిన తరువాత కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వనిదే మళ్ళీ పని చేయించరాదని అందులో ఉండేది. రోజుకు ఎనిమిది గంటలు పరిమితిగా ఉండేది. దూరప్రయాణాలకు అనుమతితో పెంచినా పది గంటలు దాటరాదని ఉండేది. ఈ రెండు అంకెలు గుర్తు పెట్టుకొంటే బెర్తుమీద పడుకొనే లెక్క కట్టవచ్చును. మా బస్సు 10.05నుండి 7.30 వరకు నడిచింది. అది తొమ్మిది గంటల ఇరవై ఐదు నిమిషాలు, మియాపూరు భాగమూ కాకినాడ భాగమూ కలపకుండానే. ఆ లెక్కన ఒక్క డ్రైవరుతో నడవరాదు. ఇద్దరున్నారు. సూర్యాపేటలో రెండవ ఆయన స్టీరింగు పట్టాడు. మొదటి ఆయన ఐదు గంటలలోపే దిగాడు, సంతోషం. రెండవ ఆయన 2.20కి మొదలుపెట్టి మోరంపూడి వరకు ఐదు గంటల పది నిమిషాలు నడిపాడు. విజయవాడలో, ఏలూరులో జనాన్ని దించడానికి ఆగిన రెండేసి నిమిషాలు విశ్రాంతి క్రిందికి రావు. అక్కడినుండి కాకినాడ ఇంకా గంటన్నర దారి. మేము దిగేవరకు మనిషి మారలేదు. ఇదంతా తిట్టకుండా వ్రాయవచ్చును. తెల్లవారుజాము నాలుగు, ఐదు గంటలనాడు ఎవరు నడుపుతున్నారు, ఎంతసేపటినుండి నడుపుతున్నారు అన్నదానికంటె ఆ మూడవవాడు తెలిసికోదగిన విషయం ఈ ప్రయాణంలో మరొకటి లేదు.

రెండవ డ్రైవరు తన వంతు వచ్చేదాకా ఎక్కడ పడుకొన్నాడో కూడా చూడండి. మా బస్సులో క్యాబినులోనే బల్లమీద పడుకొన్నాడు. కొన్ని బస్సులలో సామాను డిక్కీలో పడుకొంటాడు. అట్లు పడుకొన్నవానికి పట్టిన నిద్రను నమ్మి నలభైమంది ప్రాణాలు అప్పగించడం ఏమి న్యాయం?

డిక్కీ మాట వచ్చింది గనుక సామాను సంగతి. మా ఆవకాయ మిత్రుని తగవు ఇక్కడ తీరుద్దాం. సామాను విషయంలో సంస్థ బాధ్యత ఎక్కడ మొదలవుతుంది? సంచి తీసికొని, దానికి చీటీ కట్టి, ఆ చీటీ రెండవ ముక్క నా చేతికిచ్చి, దిగేటప్పుడు చీటీ చూచి సంచి ఇవ్వడంతో మొదలవుతుంది. గాజుసీసా ఉన్నదని నోరు విప్పి చెప్పనివాడు పగిలిన సీసాకు సంస్థను నిందించరాదు. చెప్పినా విసిరితే నిందించవచ్చును. కాని ఆయన సమీక్షలో రావలసిన అసలు సంగతి ఆ రోజు ఆయనకు చీటీ ఇచ్చారా, లేదా అన్నది. అడిగితే ఇవ్వలేదన్నారు! చీటీ లేకుండా తెల్లవారుజామున ఒకరి నల్ల సంచి మరొకరు పట్టుకొని పోవడం ఎంతసేపు? పగిలిన సీసామీద అరిచాడు గాని, అదృష్టవశాత్తు పోని సంచినిగురించి ఆయన ఒక్క మాట వ్రాయలేదు.

మా ప్రయాణంలో కూడా చీటీ ఇవ్వలేదు. మా మూడు సామానులలో ఒకటి అట్టపెట్టె. దానికి క్లీనరు 50 రూపాయలు అడిగాడు. రసీదు అడిగితే నవ్వాడు. ఆ 50 రూపాయలు సంస్థ నియమమా, ఆ కుర్రవాని చేతి ఖర్చా నాకు తెలియదు. అందుచేత "రసీదు లేకుండా 50 రూపాయలు తీసికొన్నారు" అని మాత్రం వ్రాశాను, "దోపిడీ" అని వ్రాయలేదు. మొదటి వాక్యానికి సంస్థ జవాబు చెప్పుకోవాలి. రెండవ మాటకు కోపగించుకొని ఊరుకోవచ్చు.

ఇంతకంటె పెద్దది లక్డీకాపూల్‌లో ఎక్కిన అట్టపెట్టెలు. లెక్కపెట్టాను, పదకొండు. అవి ఎక్కిన ప్రయాణికులెవరివీ కావు, పార్సెలు సరుకు. వాటిలో ఏమున్నదో బస్సులో ఎవరికీ తెలియదు. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద హైదరాబాదునుండి బెంగళూరు వెళుతున్న స్లీపరు బస్సు మోటారుసైకిలును ఈడ్చుకుపోయి మంటలు చెలరేగి, బస్సులోనివారు 19 మంది మరణించారు. సామాను భాగంలో సెల్‌ఫోన్లు పార్సెలుగా వెళుతున్నవనీ, వాటి బ్యాటరీలు మంటకు తోడైనవనీ ఆ రోజులలో పత్రికలు వ్రాశాయి. ఆ తరువాత కూడా మనవారి సమీక్షలలో "లగేజి" అంటే తన సంచి గీసుకుపోయిందా, లేదా అన్నదే! మన పడకల క్రింద ప్రయాణించే ఇతరుల సరుకుకూడా లగేజిలో భాగమే. అది ఎక్కడ ఎక్కింది, ఎన్ని పెట్టెలు, ఎంత సమయం తిన్నది అన్నవి కిటికీలోనుండి చూచి ఎవరైనా వ్రాయవచ్చును. లోపల ఏమున్నదో తెలియనప్పుడు ప్రమాదకరమైన సరుకని వ్రాయరాదు. పదకొండు పెట్టెలని వ్రాస్తే చాలు.

ఇప్పుడు నక్షత్రాలతో నా తగవు అర్థమై ఉంటుందనుకొంటాను. శుభ్రమైన దుప్పటికి ఐదు, పికప్ వ్యానుకోసం ఆగినందుకు రెండు, ఆడవారికోసం హారను కొట్టని క్లీనరుకు ఐదు, ఐదు గంటలు దాటి నడిపిన డ్రైవరు సంగతికి ఒకటి వేసి, కలిపి నాలుగుతో భాగించి మూడుంబావు అంటే, ఆ మూడుంబావు ఏమి చెప్పినట్లు? మంచి దుప్పటి అలసిన డ్రైవరును సరిచేస్తుందా? తెలుగులో నూటికి ఎనభై వచ్చిన విద్యార్థి లెక్కలలో తప్పితే, సగటు చూచి పై తరగతికి పంపిన బడిని నేనెరుగను. కొన్ని విషయాలు కలపదగినవి కావు, విడివిడిగా తేలవలసినవి.

ఇంత పొడుగు సమీక్ష ఎవరు చదువుతారని అడిగే మిత్రులున్నారు. వారికోసం నేను వ్రాసినదానిలో ముఖ్యభాగం ఇక్కడ దించుతున్నాను. ఈ టపాకంటె చాలా పొట్టిది.

"కూకట్‌పల్లి, మోరంపూడి. క్రింది జంట బెర్తు, నడుమ. వయసు అరవై దాటిన దంపతులం. 9.30 బస్సు 9.50కి వచ్చి 10.05కి కదిలింది. పికప్ వ్యానుకోసం 15, పార్సెళ్ళు ఎక్కించడానికి లక్డీకాపూల్‌లో 8 నిమిషాలు. చేరిక 6.45కి బదులు 7.30. దుప్పట్లు శుభ్రం. ఏసీ గాలి రెక్క విరిగింది. ఒకే ఒక ఆగుడు, సూర్యాపేట, 1.50 నుండి 2.20. కూకట్‌పల్లిలో ఎక్కినవారు అంతవరకు ఓపిక పట్టాలి. ఆడవారికి మూడు గదులు, ఒకదానికి గడియ లేదు. క్లీనరు అందరూ వచ్చేదాకా ఆపాడు. డ్రైవర్లు ఇద్దరు. రెండవ ఆయన 2.20 నుండి మేము దిగేవరకు విశ్రాంతి లేకుండా నడిపాడు. సామానుకు చీటీ లేదు. అట్టపెట్టెకు రసీదు లేకుండా 50 రూపాయలు. ప్రయాణికులవి కాని పెట్టెలు పదకొండు. మూలకు ఒంటి బెర్తు తీసికొనేవారు వెనుక చక్రం దాటినది తీసికొనవద్దు."

నక్షత్రం నొక్కనిదే పంపనివ్వలేదు, మూడు నొక్కాను. మూడు రోజులకు సంస్థనుండి, మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నామని జవాబు వచ్చింది. ఏ అసౌకర్యానికో అందులో లేదు. రెండవ డ్రైవరు కాకినాడదాకా అట్లే నడిపాడా అని తిరిగి వ్రాశాను. ఇంతవరకు జవాబు రాలేదు.